ఆమె రాకపోకలు

నా భర్తకు ఇది రెండవ నికాహ్. నాకు మొదటిది. ఆయన తొలి వివాహం ఖులాతో ముగిసింది. ఆమె తన మహర్‌ను వదులుకుని విడుదల కోరింది, ఆయన అంగీకరించారు. ఆ తరువాత రెండేళ్ళకు పైగా గడిచాక నేను పెడనలోని ఈ ఇంటికి కోడలిగా వచ్చాను. ఆమె బందరులో తన తల్లి దగ్గర ఉంటోంది. వారి ఎనిమిదేళ్ళ కుమార్తె ఆమె దగ్గరే పెరుగుతోంది. ప్రతి ఆదివారం ఆమె పాపను వెంటబెట్టుకుని బస్సు దిగి మా ఇంటికి వస్తుంది. సాయంత్రం దాకా ఉండి వెళుతుంది.

ఆమె చెడ్డదైతే నాకు ఇంత ఆలోచన అవసరమయ్యేది కాదు. నేను కొత్తగా వచ్చినప్పుడు మామయ్య టీలో చక్కెర ఎంత వేయాలో, ఆయన ఏ మాత్ర ఏ పూట మరచిపోతారో చెప్పింది ఆమే. వచ్చినప్పుడల్లా హల్వా పొట్లం నా చేతికే ఇస్తుంది. నన్ను “చెల్లీ” అంటుంది, నేను “ఆపా” అంటాను. వీధిలోని స్త్రీలు మాత్రం నన్ను చూసినప్పుడల్లా, “ఇంకా వస్తూనే ఉందా?” అని అడుగుతారు. ఒక పెద్దావిడ అయితే మరికాస్త ముందుకు వెళ్ళి, “ఖులా అయినంత మాత్రాన తలుపు మూసుకుపోదమ్మా” అని నా చెవిలో చెప్పింది.

ఆవిడ మాటలో నిజం ఉంది. అది అనుమానం మాత్రమే అయితే దులిపేసుకునేదాన్ని. హనఫీ ధర్మశాస్త్రం ప్రకారం ఖులా ఒక బాయిన్ తలాఖ్‌గా లెక్కకు వస్తుంది. భర్త తనంత తానుగా ఆమెను తిరిగి తెచ్చుకోలేడు. కానీ ఇద్దరూ ఇష్టపడితే కొత్త మహర్‌తో కొత్త నికాహ్ చేసుకోవచ్చు. నేను ఉండగానే చేసుకోవడానికి కూడా షరీఅత్‌లో ఆటంకం లేదు. అలా చేసుకోనంతవరకూ వారిద్దరూ ఒకరికొకరు నామహ్రమ్‌లే, వీధిలో ఎదురయ్యే పరాయి స్త్రీ పురుషుల వంటివారే. ఈ రెండు సంగతులనూ పక్కపక్కన పెట్టుకుని ఆలోచిస్తే తప్ప ఆమె రాకపోకలకు నా జీవితంలో ఏ అర్థం ఇవ్వాలో తేలదని నాకనిపించింది.

పాప విషయంలో నాకు సందేహం ఏనాడూ లేదు. ఆడపిల్ల యుక్తవయస్సుకు వచ్చేవరకూ ఆమె పెంపకం, అంటే హజానత్, తల్లి హక్కు అని మన ధర్మవేత్తలు చెప్పారు. ఖర్చు మాత్రం తండ్రిదే. తల్లి విడిపోయిందని అది తగ్గదు, తండ్రి మళ్ళీ పెళ్ళి చేసుకున్నాడని రద్దు కాదు. కాబట్టి బడి ఫీజు గురించి, జ్వరం గురించి, పాప కళ్ళజోడు గురించి ఆమె ఫోన్ చేయడం మా ఆయనకు చేస్తున్న ఉపకారం కాదు, ఆయన పట్ల చనువూ కాదు. అది పాప హక్కు నడిచే దారి. ఆ దారికి అడ్డంగా నిలబడితే నేను అడ్డగించేది ఆమెను కాదు, పాపను.

హజ్రత్ ఉమర్ (రజి) అంతటివారికీ ఈ పరిస్థితి ఎదురైంది. విడిపోయిన అన్సారీ భార్య ద్వారా ఆయనకు ఆసిమ్ అనే కుమారుడు ఉండేవాడు. ఒకనాడు ఖుబా మస్జిద్ ఆవరణలో ఆడుకుంటున్న ఆ పిల్లవాణ్ణి చూసి చేయిపట్టి తన వాహనంపై ఎక్కించుకున్నారు. పిల్లవాని అమ్మమ్మ వెంటబడి అడ్డుకుంది. తగవు ఖలీఫా అబూబక్ర్ (రజి) ముందుకు వెళ్ళింది. పిల్లవాణ్ణి ఆమెకే వదిలిపెట్టమని ఆయన తీర్పు చెప్పారు. ఉమర్ (రజి) మారుమాట్లాడలేదని ఇమామ్ మాలిక్ తన ముఅత్తాలో నమోదు చేశారు.

రెండవ సంగతి మామయ్యది. నిరుడు ఆయనకు పక్షవాతం వచ్చి కుడి చేయి, మాట పడిపోయాయి. అత్తయ్య నేను రాకముందే మరణించారు. ఆమె ఆదివారం వచ్చి ఆయనకు అన్నం తినిపిస్తుంది, గోళ్ళు తీస్తుంది, ఆయన గొణిగే మాటలను నాకంటే బాగా అర్థం చేసుకుంటుంది. “విడిపోయిన కోడలు మామగారి మంచం దగ్గర కూర్చోవడమేమిటి, పరదా లేదా?” అని చుట్టాల్లో ఒకరు ఆక్షేపించారు. నాకూ తెలియక, మా మస్జిద్ ఇమామ్ గారిని మా ఆయన ద్వారా అడిగించాను. సమాధానం స్పష్టంగా వచ్చింది. కొడుకు భార్య మామగారికి శాశ్వతంగా నిషిద్ధం. నికాహ్ జరిగిన క్షణంలో ఏర్పడిన ఆ బంధం తలాఖ్‌తోనూ ఖులాతోనూ తెగదు. ఆయన ఆమెకు ఇప్పటికీ మహ్రమ్. మామగారికి పరిచర్య చేయడంలో దోషం లేదు.

ఇక్కడే మన అలవాటు తలక్రిందులుగా ఉందని గ్రహించాను. మామగారి దగ్గర కూర్చుంటే ఆక్షేపించినవారే, అదే రోజు వసారాలో ఆమె, మా ఆయన కూర్చుని మాట్లాడుకుంటుంటే ఏమీ అనలేదు. “ఒకప్పటి మొగుడే కదా, కొత్తేముంది” అనుకుంటారు కాబోలు. షరీఅత్ దృష్టిలో మంచం మీది వృద్ధుడు ఆమెకు దగ్గరివాడు, వసారాలోని మనిషి పరాయివాడు. పాత పరిచయం వారి మధ్య తెరను పలుచన చేయదు. పరిచయం ఉన్నచోటే ఎక్కువ జాగ్రత్త కావాలన్న హెచ్చరికను, భర్త సోదరుల వంటి దగ్గరి చుట్టాల విషయంలో దైవప్రవక్త (సల్లం) చేసిన సంగతి మనం వింటూనే ఉంటాం.

ఇక మూడవది మిగిలింది. పాపకూ మామయ్యకూ సంబంధం లేని స్నేహం.

దానిని గుర్తించడానికి ఫోన్ ఎంతసేపు మాట్లాడారన్నది కొలబద్ద కాదని నా అనుభవం. పాపకు టైఫాయిడ్ వచ్చినప్పుడు గంటసేపు మాట్లాడుకున్నారు, నాకు బాధ కలగలేదు. ఐదు నిమిషాల మాట బాధ కలిగించింది. మా ఆయన కలంకారీ అద్దకం పనివారు. పదిహేనేళ్ళుగా ఇతరుల బల్ల మీద అచ్చులు వేస్తున్నారు. సొంతంగా ఒక బల్ల పెట్టుకోవాలని ఆయన కోరిక. టేకు అచ్చులు చెక్కించాలి, బట్ట కొనాలి, బట్టకు కరక్కాయ పట్టించి ఆరవేయడానికి, కాలువలో ఉతకడానికి మనుషులు కావాలి. అద్దిన బట్ట అమ్ముడై డబ్బు చేతికి వచ్చేవరకూ ఇల్లు గడవాలి. ఒక ఆదివారం పాప నా ఒడిలో కూర్చుని, “ఛోటీ అమ్మీ, అబ్బా సొంత బల్ల పెడుతున్నారట, అమ్మీ చెప్పింది” అంది. ఆ మాట నాకు అప్పటికి తెలియదు. ఆయన పని మానేయాలని నిశ్చయించుకున్నారు, ఆ ఖర్చులన్నీ ఆమెతో లెక్క వేయించుకున్నారు. లెక్కల్లో ఆమె దిట్ట, అది నిజమే. కానీ ఆ ఇంట్లో నెలాఖరు బియ్యం డబ్బాలోకి చేయి పెట్టేది నేను.

అప్పుడు తేలింది నాకు. వారు మాట్లాడుకోవడం నా బాధ కాదు. ఇంటి మంచిచెడ్డలు మొదట ఎవరి చెవిన పడుతున్నాయన్నదే నా బాధ. భార్యకు దక్కవలసిన ఆ మొదటి స్థానం నికాహ్ లేని మరొకరికి దక్కుతోంది.

ఆయన ఫోన్ తెరిచి చూడలేదు. చూడగలను, అంకెలు నాకు తెలుసు. ఇతరుల గుట్టు కూపీ లాగడాన్ని దివ్య ఖుర్ఆన్ నిషేధించింది. పైగా అలా సంపాదించిన సంగతితో ఏ మాట మొదలుపెట్టినా అది పోట్లాటే అవుతుంది. ఇషా తరువాత ఎదురుగా కూర్చుని అడిగాను.

“మీరు బల్ల పెట్టుకోవడం నాకు సంతోషమే. నాకంటే ముందు ఆపాకు ఎందుకు చెప్పారు?”

“అందులో తప్పేముంది? తను లెక్కలు బాగా చూస్తుంది. మనసులో మరేమీ లేదు.”

“లేదని నేనూ నమ్ముతున్నాను. కానీ నేను అడగకముందే ఆ నమ్మకం మీరు ఇవ్వాలి కదా?”

హజ్రత్ సఫియ్యా (రజి) సంఘటనను గుర్తుచేశాను. రమజాన్ చివరి దినాల్లో దైవప్రవక్త (సల్లం) ఏతికాఫ్‌లో ఉండగా ఆమె రాత్రివేళ చూడవచ్చింది. సాగనంపడానికి ఆయన ఆమెతో లేచి వచ్చారు. ఇద్దరు అన్సారీలు చూసి త్వరత్వరగా సాగిపోబోతే, వారిని ఆపి ఆమె తన భార్య సఫియ్యా అని తెలియజేశారు. వారు నొచ్చుకున్నారు. తమను అనుమానించినందుకు కాదు, షైతాన్ వారి మనసుల్లో ఏదైనా వేస్తాడేమోనని చెప్పానన్నారు. అనుమానానికి అతీతులైనవారే అడగకముందే వివరణ ఇచ్చారు. మా ఆయన చాలాసేపు మౌనంగా ఉన్నారు. “ఇకపై పాప సంగతులు నీ ఎదుటే మాట్లాడతాను. మిగతావి మాట్లాడను” అన్నారు. పాప ఖర్చును ఆమె బ్యాంకు ఖాతాలో ప్రతి నెలా వేస్తున్నారు. ఆదివారం ఆమె వచ్చే వేళకు, నేను ఇంట్లో లేకపోతే, ఆయన మస్జిద్‌లోనో పని దగ్గరో ఉంటారు.

ఆమెతో మాట్లాడే పని నాదేనని నేనే అన్నాను. ఆయన చెబితే అది అవమానంలా వినిపిస్తుంది. వంటగదిలో, “ఆపా, మీరు పాప కోసం, మామయ్య కోసం ఎప్పుడు వచ్చినా ఇది మీ ఇల్లే. ఆయన పని గురించి, మా సంసారం గురించి మాత్రం మా ఇద్దరికీ వదిలేయండి” అన్నాను. ఆమె కంద తొక్క తీస్తున్న కత్తి ఆగింది. “సరే చెల్లీ” అంది. తరువాతి రెండు ఆదివారాలు రాలేదు. పాపను అమ్మమ్మతో పంపింది. మామయ్య తలుపు వైపు చూస్తూ ఎడమచేత్తో సైగ చేసేవారు. మూడవ ఆదివారం నేనే ఫోన్ చేశాను, మామయ్య సరిగ్గా అన్నం తినడం లేదని. వచ్చింది. హల్వా మాత్రం తేలేదు. ఆ తరువాత మళ్ళీ తెస్తోంది.

బల్ల పెట్టడం ఇంకా ఆరు నెలలు వాయిదా వేశాం. ఆమె వేసిన లెక్కనే ముందు పెట్టుకుని చూశాం, అందులో వానాకాలం నష్టం కలపలేదు. వర్షాలకు బట్ట ఆరక పని ఆగిపోయే రోజులు పనివాని భార్యకే బాగా తెలుస్తాయి.

పోయిన నెల ఆమె నన్ను పక్కకు పిలిచింది. గుడివాడ నుంచి ఆమెకు సంబంధం వచ్చిందట. భార్య చనిపోయిన మనిషి, ఇద్దరు పిల్లలు. పాపకు బంధువు కాని వ్యక్తిని తల్లి వివాహమాడితే హజానత్ హక్కు అమ్మమ్మకు మారుతుందని ఆమెకు ఎవరో చెప్పారు, భయపడుతోంది. హనఫీ మార్గంలో ఉన్నది అదేనని, అయితే వ్యవహారం కోర్టుకు వెళితే పాప క్షేమాన్నే ప్రధానంగా చూస్తారని చెప్పాను. అమ్మమ్మ దగ్గర ఉన్నా, రేపు ఎక్కడ ఉన్నా, పాపను తల్లికి దూరం చేయాలని మేము కోరబోమని ఆయనతో మాట్లాడి చెబుతానన్నాను.

“ఆయనకు నేను చెప్పలేదు. ముందు నీకే చెబుతున్నాను” అంది.

ఆ రాత్రి ఆయనకు చెప్పాను. కాసేపు గోడ వైపు చూసి, మనిషి ఎలాంటివాడో గుడివాడలో విచారిస్తానన్నారు. వద్దన్నాను. విచారించవలసింది ఆమె అన్నగారు. పాప మాట ఏమిటో మాత్రం ఈ ఆదివారం ముగ్గురం కూర్చుని మాట్లాడుకుంటాం.