పచ్చబడని చేను

ఈ సెలవుల్లో మేం అరకు వైపు మా ఊళ్ల రోడ్డు పక్క చేలల్లో ఎంత నేల బిల్డింగులకు పోయిందో శాటిలైట్ ఫొటోల్లో వెతికాం. ఎలా చేశామో రాస్తున్నాం, మీ మండలంలో మీరూ చూసుకోవచ్చు.

పాత ఫొటో ఒకటి, కొత్త ఫొటో ఒకటి పక్కపక్కన పెడితే చాలదు. ఏప్రిల్‌లో కోసేసిన చేనూ, చదును చేసిన స్థలమూ పైనుంచి దాదాపు ఒకేలా ఉంటాయి. తేడా పంట కాలంలోనే తెలుస్తుంది. చేను ఏడాదికి ఒకసారైనా పచ్చబడుతుంది. కాంక్రీటు పడ్డ నేల పచ్చబడదు.

సెంటినెల్-2 ఫొటోలు గూగుల్ ఎర్త్ ఇంజిన్‌లో ఉచితంగా దొరుకుతాయి. ఇందులో ఒక్కో గడి 10 మీటర్ల పొడవు, 10 మీటర్ల వెడల్పు. అంటే ఎకరానికి సుమారు 40 గళ్లు. పచ్చదనాన్ని ఇలా లెక్కేస్తారు:

```
NDVI = (B8 - B4) / (B8 + B4)
```

B4 ఎరుపు కాంతి, B8 కంటికి కనపడని పరారుణ కాంతి. ఆకు ఎరుపును పీల్చుకుని పరారుణాన్ని వెనక్కి పంపుతుంది. అందుకే ఏపుగా ఉన్న పంటకు విలువ 0.6 దాటుతుంది, సిమెంటుకు 0.2 దగ్గరే ఆగిపోతుంది.

2019 నుంచి 2024 వరకు, ప్రతి ఏటా సెప్టెంబరు-డిసెంబరు ఫొటోల్లో మబ్బు పట్టిన గళ్లు తీసేసి, ఒక్కో గడికి ఆ ఏటి అత్యధిక విలువ తీసుకున్నాం. ఒక చేను మూడేళ్లు 0.6 పైనే ఉంది. 2022లో 0.25కి పడింది, తర్వాత రెండేళ్లూ లేవలేదు. వెళ్లి చూస్తే అక్కడ రేకుల షెడ్డు, సిమెంటు నేల. దాని పక్క చేను కూడా 2022లో పడింది గానీ 2023లో మళ్లీ 0.6కి వచ్చింది. ఆ ఏడు అక్కడ మబ్బు లేకుండా మిగిలినవి కోతల తర్వాతి ఫొటోలే. అందుకే వరుసగా మూడేళ్లు పడితేనే "పోయింది" అని రాసుకున్నాం. నిన్నా మొన్నా మొదలైన కట్టడం ఈ లెక్కలో తేలదు.

ఇంకో రెండు కూడా తప్పించుకుంటాయి. రెండు సెంట్ల ఇల్లు సుమారు 80 చదరపు మీటర్లు, ఒక్క గడి కూడా నిండదు. రాళ్లు పాతి ప్లాట్లు చేసిన చేనులో వానలకు గడ్డి మొలుస్తుంది, శాటిలైట్‌కి అది పంటలాగే కనిపిస్తుంది. కట్టడం లేకుండానే సాగు ఆగిన చోటు మ్యాపులో పచ్చగానే ఉంటుందన్నమాట.

అన్నిటికన్నా ముఖ్యమైనది ఒకటుంది. కట్టింది ఎవరో గడి చెప్పదు. 1/70 ప్రకారం ఏజెన్సీ భూమి గిరిజనేతరుల చేతికి పోకూడదు, కానీ మనవాళ్లు తమ చేనులో తాము ఇల్లు కట్టుకున్నా మ్యాపులో అదే ఎర్రచుక్క. మేం నడిచి వెళ్లి చూసిన చుక్కల్లో అలాంటి ఇళ్లూ ఉన్నాయి. అందుకే మ్యాపు గ్రూపులో పెట్టడం లేదు. అన్యాక్రాంతమయ్యే భూమిని ఆపే అధికారం పెసా చట్టం గ్రామసభకు ఇచ్చింది కాబట్టి ముందు అక్కడే చూపిస్తాం. ఏ చుక్క ఎవరిదో చెప్పాల్సింది ఊరి పెద్దలే.