పెళ్లి జాకెట్టు పాడైతే ఎంత అడగవచ్చు?

మా అక్క కూతురి పెళ్లిలో జరిగిన జాకెట్టు గొడవ గురించి మనవాళ్లు చాలామంది అడుగుతున్నారు. ఆ టైలరమ్మ కూడా మన రాజపాళయంలోనే బతుకుతోంది కాబట్టి పేరు రాయడం లేదు.

ముహూర్తపు పట్టుచీర 28,000. చీరతో వచ్చిన జాకెట్టు ముక్క మీద ఆరి వర్క్ చేసి కుట్టడానికి మొత్తం 7,200 మాట్లాడుకున్నాం, 4,000 అడ్వాన్సు ఇచ్చాం. పెళ్లికి ఆరు రోజుల ముందు జాకెట్టు తెచ్చి తొడిగితే హుక్కులు కలవలేదు. పిల్ల ఏడుపు, మా అక్క కేకలు. ఆ కోపంలో మేమూ చీర ఖరీదుతో పాటు పరువు నష్టానికి లక్ష ఇవ్వాలని టైలరమ్మకు చెప్పేశాం.

ఆమె "పిల్ల ఒళ్లు చేసిందండీ" అంది. తప్పు ఎవరిదో తేల్చింది మేమిచ్చిన ఆది జాకెట్టే. రెండూ బల్ల మీద పరిచి టేపు పెట్టాం. ఆదిలో ఛాతీ 34 అంగుళాలు, కొత్తదానిలో 31న్నర. పాతది పిల్లకు ఇంకా సరిపోతోంది. రెండూ ఒకే కొలతలో ఉండి పిల్లకే బిగుతై ఉంటే తప్పు మాదయ్యేది. విప్పి వదులు చేద్దామంటే లోపల పక్కకు పావు అంగుళం గుడ్డే మిగిలింది. ఆరి పనిని మామూలుగా గుడ్డ కత్తిరించకముందే, ఫ్రేముకు బిగించి గీసిన గీతల లోపల చేస్తారు. ఆ గీతలే తప్పుగా పడితే తర్వాత ఎంత మంచిగా కుట్టినా లాభం లేదు.

మన సంఘంలో వకీలు ఒకాయన ఉన్నారు. "1872 నాటి కాంట్రాక్టు చట్టంలో 73వ సెక్షన్ చూడండి" అన్నారు. మాట తప్పడం వల్ల సహజంగా కలిగిన నష్టం, లేదా ఒప్పందం రోజే ఇద్దరికీ తెలిసిన నష్టం మాత్రమే అడగవచ్చట, దూరపు నష్టం కాదు. రసీదు మీద ఆమే ముహూర్తం తేదీ రాసుకుంది కాబట్టి, ఆఖరి నిమిషంలో ఇంకొకరితో కుట్టించుకోవాల్సి వస్తుందని ఆమెకు తెలిసినట్టే. ఇంకో సంగతి, నష్టాన్ని తగ్గించుకోవడానికి మన చేతిలో ఉన్న దారిని కూడా ఆ సెక్షన్ లెక్కలోకి తీసుకుంటుంది. జాకెట్టు పోయిందని పెళ్లి ఆపేసి ఖర్చంతా ఆమె మీద వేయడం కుదరదు.

మేము మదురైలో ఆ రంగుకు దగ్గరి పట్టు 900కు కొని, ఇంకో టైలరుతో అర్జెంటుగా అదే పని 9,000కు చేయించాం. బస్సు ఖర్చు 400. ఇక్కడే మేము తప్పు లెక్క వేశాం. అడ్వాన్సు 4,000 వాపసు, కొత్త జాకెట్టు 9,000, పట్టు, బస్సు, అన్నీ కలిపి 14,300 అడిగాం. వకీలుగారు నవ్వి, "అంటే జాకెట్టు ఉచితంగా కావాలా?" అన్నారు. అంతా సరిగా జరిగినా 7,200 మేమే ఇచ్చేవాళ్లం కదా. అది తీసేస్తే 7,100 మిగిలింది. చీరకు ఏమీ కాలేదు, పిల్ల దాన్నే కట్టుకుంది కాబట్టి 28,000 ప్రశ్నే లేదు.

మరి మనస్తాపం? కాంట్రాక్టు చట్టంలో దానికి చోటు తక్కువ. వినియోగదారుల కమిషన్ మాత్రం కొంత ఇస్తుంది. అహ్మదాబాద్‌లో ఒకావిడ 2024 డిసెంబర్ 24న జరిగే బంధువుల పెళ్లికి జాకెట్టు కోసం 4,395 కట్టింది. చెప్పినట్టు కుట్టలేదు, సరిచేసి ఇవ్వనూ లేదు. అక్కడి కమిషన్ ఆ డబ్బును 7 శాతం వడ్డీతో వాపసు ఇప్పించి, మనస్తాపానికీ ఖర్చులకూ విడిగా కొంత వేసింది. అది కూడా లక్షల్లో కాదు.

మన జిల్లా కమిషన్ శ్రీవిల్లిపుత్తూరులోనే ఉంది. చెల్లించిన సొమ్ము 5 లక్షల లోపైతే ఫిర్యాదుకు ఫీజు లేదు, రెండేళ్ల గడువు ఉంది. పోవాల్సి వస్తే రసీదు, ఆది జాకెట్టు, పాడైన జాకెట్టు, రెండో టైలరు బిల్లు చేతిలో ఉండాలి. మా అక్క కోపంతో ఆ జాకెట్టును చెత్తబుట్టలో వేయబోతే మా అమ్మ లాక్కుని దాచింది. అది లేకపోతే ఆ 31న్నర అంగుళాలను చూపించే దారే లేదు.

మేము అంతదూరం పోలేదు. లెక్క కాగితం మీద రాసి చూపిస్తే ఆమె రెండుసార్లు కూడి చూసుకుంది. లక్ష మాట అన్నందుకు మా అక్క, "తప్పుగా అనుకోకమ్మా" అంది. ఆమె 4,000 అప్పుడే ఇచ్చింది, మిగిలిన 3,100 పొంగల్ లోపల ఇచ్చింది. మనస్తాపం కింద మేము ఏమీ అడగలేదు. అడగాల్సిందేనని మా బావ ఇప్పటికీ అంటాడు.