ఫిల్టర్‌ను దాటి వచ్చేది

గత వేసవిలో ఫిల్మ్‌నగర్ నుంచి ఒక యువతి తన మూడు నెలల బిడ్డను ఎత్తుకుని మా ఇంటికి వచ్చింది. పదవీ విరమణ చేసి చాలా కాలమైనా, ఇరుగుపొరుగువారు సలహా కోసం రావడం మానలేదు, నేనూ కాదనలేదు. ఆమె భర్త స్టూడియోలలో లైట్‌మన్. తల్లిపాలు చాలక డబ్బాపాలు కూడా పడుతున్నారు. రెండు రోజులుగా బిడ్డకు విరేచనాలు.

"పాలు ఏ నీళ్లతో కలుపుతున్నావమ్మా?" అని అడిగాను.

"బోరు నీళ్లే సార్. కానీ ఫిల్టర్‌లో పోసినవే కలుపుతాను. ఆ పైన ఇరవై నిమిషాలు మరగబెడతాను. చిన్నపిల్లాడు కదా అని."

ఆమె చెప్పింది విన్నవారెవరైనా ఎంత జాగ్రత్త అనుకుంటారు. నాకు మాత్రం భయమేసింది. ముందు బిడ్డ పెదవులు, గోళ్లు చూశాను. రంగు మారలేదు. ఆ రోజు నుంచే పాలలో బోరు నీరు కలపడం మానిపించి, విరేచనాలకు చేయవలసినది చేసి పంపాను. నా భయానికి కారణం చెప్పాలంటే ముందుగా ఆ ఫిల్టర్ సంగతి చెప్పాలి.

విద్యుత్తు అక్కరలేని రకం అది. ఒకదానిపై ఒకటి రెండు తొట్లు, నడుమ ఒక కార్ట్రిడ్జ్. పై తొట్టిలో పోసిన నీరు తన బరువుతోనే కార్ట్రిడ్జ్‌లోంచి దిగి, తొమ్మిది లీటర్లు పట్టే కింది తొట్టిలో చేరుతుంది. మన దేశంలో 2009 డిసెంబరులో వచ్చిన టాటా స్వచ్ఛ్ ఈ కోవకు బాగా తెలిసిన ఉదాహరణ. ధాన్యపు ఊక బూడిదపై అతి సూక్ష్మమైన వెండి రేణువులను పట్టించి, అడుగున కాదు, ఆ నడుమ భాగంలోనే సూక్ష్మక్రిములను అణచడం దాని కిటుకు. వేరే కంపెనీలవి కొన్ని క్లోరిన్‌తో అదే పని చేస్తాయి. కలరా, టైఫాయిడ్ కాలాన్ని చూసిన వైద్యుడిగా ఈ చవకైన పరికరాల మీద నాకు గౌరవమే ఉంది.

ఆ యువతి ఇంట్లోని కార్ట్రిడ్జ్‌పై 3000 లీటర్లని రాసి ఉంది. నలుగురు పెద్దలు తాగడానికీ వంటకూ రోజుకు పన్నెండు లీటర్లు వాడితే, అది 250 రోజులకు, అంటే సుమారు ఎనిమిది నెలలకు తీరిపోతుంది. ఆ లెక్క తేటనీటికి. వేసవిలో ట్యాంకరు నీళ్లు మట్టితో వస్తే రంధ్రాలు పూడుకుని, నీరు ముందే సన్నబడుతుంది. చాలామంది అప్పుడు కార్ట్రిడ్జ్ అయిపోయిందనుకుంటారు. పైన ఉండే బట్ట వడపోతను కడిగితే ధార మళ్లీ వస్తుంది. అది పూడిక మాత్రమే. నిజంగా ఆయుష్షు తీరినప్పుడు మంచి కంపెనీల పరికరాలలో నీరు దిగడం దానంతటదే ఆగిపోతుంది. ఆ ఆపును ఏదో విధంగా తప్పించి ఇంకో నెల లాగేవారిని నేను చూశాను. అప్పుడు వచ్చేది వడకట్టిన నీరే తప్ప క్రిములు పోయిన నీరు కాదు. మార్చిన తేదీని కార్ట్రిడ్జ్‌పైనే మార్కర్‌తో రాసుకోవడం తేలిక. కింది తొట్టిని వారానికొకసారి కడగాలి. ఊరెళ్లి వచ్చాక పాత నీటిని పారబోయాలి.

ఇంతవరకు అది చేసే పని. ఇక చేయలేనిది: నీటిలో కరిగిపోయిన లవణాలను ఈ రకం పరికరం తీయదు. ఫ్లోరైడ్, కాఠిన్యం, నైట్రేట్ వచ్చినవి వచ్చినట్టే దిగిపోతాయి. ఆ అబ్బాయి వచ్చి తీసుకెళ్లిన నా టీడీఎస్ మీటరులో ఫిల్టర్‌కు ముందు 720, తరువాత 715 చూపింది. తేడా లేనట్టే. ఆ మీటరు కరిగిన లవణాల మొత్తాన్నే చెబుతుంది, అందులో నైట్రేట్ ఎంతో చెప్పదు.

జూబ్లీహిల్స్, ఫిల్మ్‌నగర్ కొండలన్నీ గ్రానైటే. రామానాయుడు స్టూడియో వైపు ఎక్కుతుంటే రోడ్డు పక్కనే ఆ రాయి కనిపిస్తుంది. రాతిలో నీరు పగుళ్ల వెంట పారుతుంది. వాలు మీద కిక్కిరిసిన ఇళ్లు, వాటి సెప్టిక్ ట్యాంకులు, పాత మురుగు కాలువలు. మలమూత్రాలలోని నత్రజని మట్టిలో నైట్రేటుగా మారి ఆ పగుళ్లలోకి దిగితే, బోరు నీటికి రంగూ ఉండదు, వాసనా ఉండదు.

ఆరు నెలల లోపు బిడ్డ కడుపులో ఆమ్లం తక్కువ. అక్కడి బ్యాక్టీరియా నైట్రేటును నైట్రైటుగా మారుస్తుంది, విరేచనాలున్నప్పుడు ఈ ప్రమాదం మరింత ఎక్కువ. నైట్రైటు రక్తంలోని హిమోగ్లోబిన్‌ను ఆక్సిజన్ మోయలేని మెథిమోగ్లోబిన్‌గా మార్చేస్తుంది. దాన్ని తిరిగి సరిచేసే ఎంజైము పసిబిడ్డలో ఇంకా సరిపడా ఉండదు. పెదవులు, గోళ్లు బూడిద నీలంగా మారతాయి, తీసిన రక్తం చాక్లెట్ రంగులో ఉంటుంది, ఆక్సిజన్ పెట్టినా నీలం తగ్గదు. 1945లో అమెరికాలోని అయోవాలో హంటర్ కామ్లీ అనే వైద్యుడు బావి నీటితో కలిపిన పాలు తాగిన బిడ్డలలో దీన్ని గుర్తించి రాశాడు. బిడ్డ నీలంగా కనిపిస్తే ఇంట్లో ఏమీ ప్రయత్నించకుండా ఆసుపత్రికి పరుగెత్తాలి. మెథిలీన్ బ్లూ అనే మందు అక్కడ ఇస్తారు.

ఇక మరగబెట్టడం. క్రిములకు అది యముడే. నైట్రేటు మాత్రం ఆవిరైపోదు, నీరే పోతుంది.

వారం తరువాత ఆమె భర్త ప్రయోగశాల రిపోర్టు తెచ్చాడు. "ఇరవై వచ్చింది సార్, నలభై ఐదు దాకా ఫర్వాలేదంట" అన్నాడు ఊరటగా. మన దేశ ప్రమాణంలో నైట్రేట్ పరిమితి లీటరుకు 45 మిల్లీగ్రాములే, నిజమే. కానీ ఆ కాగితంపై 20కి ఎదురుగా NO3-N అని ఉంది. అంటే లెక్కించింది నైట్రేటును కాదు, అందులోని నత్రజనిని. నైట్రేటుగా చెప్పాలంటే దాన్ని 4.43తో గుణించాలి. 88.6 అయింది, పరిమితికి దాదాపు రెట్టింపు. ఆమె అతి జాగ్రత్తగా మరిగించి లీటరును ముప్పావు లీటరు చేస్తే, అదే 118 అవుతుంది. మీరు పరీక్ష చేయిస్తే ముందు ఆ చిన్న అక్షరాలు చూడండి.

నల్లా నీటిని కూడా పరీక్షించమన్నాను. నగరానికి మంజీరా, కృష్ణా వంటి నదుల నుంచి శుద్ధి చేసి తెచ్చే ఆ నీటిలో నైట్రేటు అదే పద్ధతి లెక్కలో ఒకటి కూడా దాటలేదు. వారికి నల్లా రోజు విడిచి రోజు వస్తుంది, వచ్చేది గంటే. అయినా బిడ్డకు రోజుకు లీటరు చాలు. ఒక నిమిషం బాగా తెర్లనిచ్చి, మూతపెట్టి చల్లార్చమన్నాను. ఆర్వో యంత్రం నైట్రేటును చాలావరకు తీస్తుంది గాని, దాని పొర పాతబడితే అదీ తగ్గిపోతుంది; పైగా కొంత నీరు వృథాగా పోతుంది. వారి జీతానికి అది అత్యవసరం కాదనిపించింది.

"మరి నేను తాగితే పాలలోకి రాదా సార్?" అని ఆమె అడిగింది. తల్లి తాగిన నీటిలోని నైట్రేటు ఆమె పాలలోకి పెద్దగా చేరదు కనుక, ఉన్నంత పాలు ధైర్యంగా ఇవ్వమన్నాను. ఆ కుటుంబం ఫిల్టర్‌ను పారేయలేదు. పెద్దలకు కూడా వీలైనంతవరకు నల్లా నీటినే అందులో పోయమని చెప్పాను. ఈమధ్య వెళ్లినప్పుడు వంటింటి గట్టుపై ఐదు లీటర్ల స్టీలు క్యాను ఒకటి వేరుగా ఉంది. దాని మూతకు ప్లాస్టరు అంటించి, పైన "బాబు నీళ్లు" అని రాశారు.