ఆరు బై ఆరు

మా మేనత్త కొడుకు డీజిల్ మెకానిక్. ఐటీఐ అయ్యి మూడేండ్లు. హన్మకొండలో ఒక ప్రైవేట్ బస్సుల గ్యారేజీలో నైట్ డ్యూటీ. బస్సులు పగలు తిరుగుతాయి కాబట్టి రిపేర్లన్నీ రాత్రే. బ్రేకుల్లో గాలి లీకైతే ఇంజిన్ ఆపి చెవి పెట్టి వింటాడు. అనుమానం ఉన్న జాయింట్ మీద సబ్బు నురగ రాస్తాడు, లీకుంటే బుడగలొస్తాయి. తెల్లారేసరికి బండి మళ్లీ రోడ్డెక్కాలి.

"రేయ్, లోకో పైలట్‌కి అప్లై చేద్దామనుకుంటున్న. నువ్వు జర చూడు" అన్నాడు ఒకరోజు. కాజీపేటలో పెరిగినోడు, రైలింజను మీద మోజు ఉండదా మరి!

నోటిఫికేషన్ మొత్తం చదివా. మొదటి పరీక్ష 75 ప్రశ్నలు, గంట టైం, మూడు తప్పులకి ఒక మార్కు పోతుంది. తర్వాత రెండో పరీక్ష, ఆప్టిట్యూడ్ టెస్ట్, సర్టిఫికెట్లు. అన్నీ అయ్యాక చివర్లో మెడికల్, దాని పేరు ఏ-వన్. కళ్లద్దాలు లేకుండా రెండు కళ్లూ 6/6 ఉండాలి, రంగులు సరిగ్గా కనపడాలి. లేజర్ ఆపరేషన్ చేయించుకున్నా కుదరదు. అంటే ఏడాది చదివి, అన్నీ పాసై, ఆఖరి గదిలో ఆగిపోవచ్చు. ఫీజు కట్టే ముందే కళ్లు చూపిద్దాం బావా అన్నా.

వరంగల్ కంటి ఆసుపత్రికి పోయాం. చుక్కల బొమ్మల్లో అంకెలన్నీ టకటకా చెప్పాడు. కుడి కన్ను 6/6. ఎడమది 6/9. అంటే మామూలు కన్ను తొమ్మిది మీటర్ల నుంచి చదివే అక్షరాన్ని బావ ఆరు మీటర్ల నుంచే చదవగలడు. బయటికొచ్చాక బండి స్టార్ట్ చేయకుండా చాలాసేపు కూర్చున్నాడు. నేనూ ఏం మాట్లాడలే.

ఆ రాత్రి టెక్నీషియన్ గ్రేడ్-త్రీ నోటిఫికేషన్ తెరిచా. ఇందులో పోస్టు పోస్టుకీ మెడికల్ వేరు, వెనక పట్టికలో ఇస్తారు. బీ-వన్ అని ఉన్న వాటికి కళ్లద్దాలతో చూసినా సరే. డీజిల్ మెకానిక్ ట్రేడ్ పనికొచ్చే పోస్టులున్నాయి. మొదలు జీతం లోకో పైలట్‌కి ఎంతో దీనికీ అంతే, బేసిక్ 19,900.

"అంటే నడిపేది లేదు, మళ్ల రిపేరే" అన్నాడు. కాసేపాగి, "సరే, పెట్టు" అన్నాడు.

పరీక్ష తెలుగులో పెట్టుకున్నాడు. "త్వరణం లెక్క చెప్పు" అంటే నాకు అర్థం కాలే. యాక్సిలరేషన్ అంట! ఇప్పుడు నేను లెక్కలు చెప్తా, ఆయన నాకు తెలుగు చెప్తాడు.

బస్సుల మధ్య ఖాళీ దొరికితే గ్యారేజీలోనే చేస్తాడు. నిన్న రాత్రి రెండింటికి వాట్సాప్‌లో ఫొటో వచ్చింది, గ్రీజు మరకల కాగితం మీద పని-కాలం లెక్క. ఆన్సర్ తప్పు. ఫోన్ చేసి, రెండో స్టెప్ మళ్లీ చూడమన్నా.