సంకల్పంలో స్థలకాలాలు: అమెరికా తెలుగువారి ఆరాధనలో ఒక పాఠపరిశీలన

ప్రవాస తెలుగువారి దేవాలయాలను గురించిన చర్చ సాధారణంగా గోపురాలు, శిల్పులు, విరాళాలు, ఉత్సవాల చుట్టూ తిరుగుతుంది. పూజలో పలికే మాట మాత్రం అంతగా పరిశీలనకు రాలేదు. పూజావిధానంలోని మంత్రాలు, నామావళులు, స్తోత్రాలు ఎక్కడ చదివినా ఒకటే. విజయవాడలో చదివిన అష్టోత్తరాన్నే పిట్స్‌బర్గ్‌లోనూ అక్షరం మార్చకుండా చదువుతారు. ఊరు మారితే మారవలసిన భాగం పూజలో ప్రధానంగా ఒకటే ఉంది. అది సంకల్పం. పూజ చేసే వ్యక్తి తాను ఏ కాలంలో, ఏ ప్రదేశంలో, ఏ గోత్రనామాలతో, ఏ ఫలం కోరి ఈ కర్మ చేస్తున్నాడో ప్రకటించే వాక్యం అది. వలస వచ్చిన కుటుంబం తన కొత్త నివాసాన్ని దైవసన్నిధిలో ఏ పేరుతో చెప్పుకొంటున్నదో తెలిపే సాక్ష్యం కూడా అదే. అమెరికా తెలుగువారి ఆరాధనలో సంకల్పానికి వచ్చిన మార్పులను స్థలం, కాలం, వ్యక్తి అనే మూడు అంశాలలో పరిశీలించడం ఈ వ్యాసం ఉద్దేశం.

1. స్థలం

ఆచమన ప్రాణాయామాల తర్వాత పలికే సంకల్పంలో దేశాన్ని చెప్పే పదాలు పెద్ద నుంచి చిన్నకు దిగుతూ వస్తాయి. మొదట జంబూద్వీపం, తర్వాత భరతవర్షం, భరతఖండం, మేరువుకు దక్షిణ దిక్కు. అక్కడి నుంచి తెలుగువారి సంకల్పం తన సొంత గుర్తుకు వస్తుంది. శ్రీశైలానికి తాము ఏ దిక్కున ఉన్నారో, ఏ నదుల నడుమ ఉన్నారో చెప్పి, చివరకు ‘స్వగృహే’ అని ఇంటి గడప దగ్గర ఆగుతుంది. కృష్ణా గోదావరుల మధ్యదేశమనే మాట కోస్తా కుటుంబాల నోట తరతరాలుగా నిలిచింది. ఊరు మారినవారు దిక్కును సరిచేసుకొంటే సరిపోయేది.

సముద్రం దాటినప్పుడు ఈ సర్దుబాటు చాలలేదు. 1965లో అమెరికా వలస చట్టం మారిన తర్వాత వైద్యులుగా, ఇంజనీర్లుగా, విద్యార్థులుగా వెళ్లిన తెలుగు కుటుంబాలు మొదట ఇళ్లలోనే పూజలు చేసుకొన్నాయి. వ్రతకల్పం పుస్తకం ఇంటి నుంచి తెచ్చుకొన్నదే. అందులో శ్రీశైలం పేరు తర్వాత ఒక దిక్కు అచ్చయి ఉండేది. పెన్సిల్వేనియాలో కూర్చుని అదే చదివితే మాట తప్పవుతుంది. సరిచేద్దామన్నా సులభం కాదు. పటం మీద చూస్తే పిట్స్‌బర్గ్ శ్రీశైలానికి వాయవ్యంలో ఉంటుంది. భూగోళం మీద దగ్గరి దారి కొలిస్తే కొద్దిగా పడమటికి ఒరిగిన ఉత్తరం అవుతుంది. ఒక ఊరికి పొరుగు ఊరిని చెప్పడానికి పుట్టిన గుర్తు అంత దూరానికి పనికిరాదు.

1970ల చివర దేవాలయాలు వెలసిన తర్వాత ఈ చిక్కుకు అర్చకులు సమాధానం వెతికారు. పిట్స్‌బర్గ్ శివారు పెన్ హిల్స్‌లో కొండ మీద తిరుమల ఆలయాన్ని ఆదర్శంగా పెట్టుకొని, తిరుమల తిరుపతి దేవస్థానాల సహకారంతో కట్టిన శ్రీ వేంకటేశ్వరాలయం ఆ తొలి ఆలయాలలో ఒకటి. అమెరికాలోని పలు ఆలయాల్లో నేడు వినిపించే సంకల్పం జంబూద్వీపాన్ని వదిలి క్రౌంచద్వీపం అంటుంది. భరతవర్షానికి బదులు రమణకవర్షం, భరతఖండానికి బదులు ఐంద్రఖండం అంటుంది. ఆపైన స్థానిక నదులో పర్వతాలో చేరుతాయి.

పాఠదృష్టితో చూస్తే ఈ కూర్పు పురాణ భూగోళానికి సరిపోదు. వ్యాసభాగవతం పంచమస్కంధం చెప్పిన ఏడు ద్వీపాల్లో జంబూద్వీపం మధ్యది, క్రౌంచం అయిదవది. రమణకం అక్కడ మూడవదైన శాల్మలీద్వీపానికి చెందిన వర్షం. క్రౌంచద్వీప వర్షాల పట్టికలో ఆ పేరు లేదు. అంటే ఈ సంకల్పం ఒక ద్వీపాన్నీ, మరొక ద్వీపంలోని వర్షాన్నీ జతచేసింది. పైగా పురాణాల ద్వీపాలు ఒకదాని చుట్టూ ఒకటి వలయాలుగా ఉన్న లోకాలు. వాటిలో ఏదీ నేటి ఖండాలకు నేరుగా సరిపడదు. అందువల్లనే కొందరు అర్చకులు మానవులు నివసించే భూమి అంతా జంబూద్వీపమేనని భావించి పాత పాఠాన్నే కొనసాగిస్తారు. రెండు పక్షాలకూ యుక్తి ఉంది. మొదటి పక్షం శాస్త్రపాఠాన్ని కొంత వదులుకొని, తాము నిలిచిన నేలకు పేరు పెట్టింది. రెండవ పక్షం పాఠాన్ని కాపాడింది. కాని భరతఖండమనే తర్వాతి మాట దగ్గర ఇరుకున పడింది.

పేరు పెట్టడంలోని అసలు అవసరం నదుల విషయంలో బాగా తెలుస్తుంది. పిట్స్‌బర్గ్‌లో అలెఘనీ, మొనొంగహేలా నదులు కలిసి ఒహాయో నదిగా ప్రవహిస్తాయి. ఈ సంగమాన్ని భక్తులు ప్రయాగతో పోల్చుకొన్న తీరును వసుధా నారాయణన్ తన పరిశోధనలో చర్చించారు. రెండు నదులు కలిసే చోటు, నేల కింద ప్రవహించే మరో జలధార ఉండడం వల్ల గంగా యమునా సరస్వతుల స్మృతి అక్కడ తేలికగా కుదిరింది. ఒక స్థలం పుణ్యక్షేత్రంగా మారే క్రమం తెలుగు పాఠకులకు కొత్తది కాదు. గోదావరిని దక్షిణగంగ అనడంలో ఉన్నది ఇదే పద్ధతి. ప్రవాసులు కొత్త విధానాన్ని సృష్టించలేదు. స్థలపురాణం చేసే పనినే మళ్లీ చేశారు.

2. కాలం

స్థలం విషయంలో పొరపాటు జరిగినా పూజ ఆగదు. కాలం విషయంలో పొరపాటు జరిగితే పండుగే తప్పిపోతుంది. తిథి అంటే సూర్యచంద్రుల మధ్య పన్నెండు డిగ్రీల దూరం పెరిగే వ్యవధి. అది మొదలయ్యే క్షణం ప్రపంచమంతటికీ ఒకటే. కాని ఆ క్షణం ఒకచోట అర్ధరాత్రి, మరోచోట మధ్యాహ్నం. పండుగను నిర్ణయించేది తిథి ఒక్కటే కాదు. ఆ తిథి సూర్యోదయానికి ఉందా, ప్రదోషానికి ఉందా అన్నది. సూర్యోదయాస్తమయాలు ఊరిని బట్టి మారుతాయి. కనుక భారతదేశపు పంచాంగంలోని గంటలను అమెరికా గంటల్లోకి మార్చుకొంటే సగం పనే అవుతుంది.

2024 దీపావళి దీనికి మంచి ఉదాహరణ. దృక్‌గణితం ప్రకారం అమావాస్య భారత కాలమానంలో అక్టోబరు 31 మధ్యాహ్నం 3.52కు మొదలై నవంబరు 1 సాయంత్రం 6.16కు ముగిసింది. హైదరాబాదులో రెండు రోజులూ సూర్యాస్తమయానికి అమావాస్య ఉంది. రెండవ రోజు సుమారు అరగంట మాత్రమే నిలిచింది. అందుకే ఆ ఏడు ఏ రోజు దీపావళి అన్న వాదం దేశంలో బలంగా సాగింది. పిట్స్‌బర్గ్‌లో అప్పటికి వేసవి కాలమానం అమలులో ఉన్నందువల్ల తేడా తొమ్మిదిన్నర గంటలు. అక్కడ అమావాస్య అక్టోబరు 31 ఉదయం 6.22కు వచ్చి నవంబరు 1 ఉదయం 8.46కు వెళ్లిపోయింది. సాయంకాలపు అమావాస్య ఒక్క రోజే ఉంది. భారతదేశంలో వివాదమైన పండుగ అక్కడ నిస్సందేహంగా 31వ తేదీదే. స్వదేశంలోని రెండవ పక్షాన్ని అనుసరించి నవంబరు 1 రాత్రి దీపాలు వెలిగించినవారు, అమావాస్య ముగిసిన తొమ్మిది గంటల తర్వాత లక్ష్మీపూజ చేసినట్లవుతుంది.

ఆ గురువారం సాయంత్రమే అమెరికా పిల్లలు వేషాలు వేసుకొని ఇంటింటికీ తిరిగే హాలొవీన్. మరునాడు బడి, ఉద్యోగం ఉన్నాయి. ఇటువంటి సందర్భాల్లో కుటుంబాలు పాటించే పద్ధతి ఇప్పుడు దాదాపు స్థిరపడింది. తిథినాడు ఇంట్లో పూజ, వారాంతంలో ఆలయంలోనో సంఘపు సభామందిరంలోనో పండుగ. ఉగాది పచ్చడి తిథినాడే తింటారు. పంచాంగ శ్రవణం, పిల్లల నాటికలు, సహపంక్తి భోజనం శనివారానికి జరుగుతాయి. స్వదేశంలో ఒకే రోజు కలిసి ఉండే వ్రతభాగమూ ఉత్సవభాగమూ ఇక్కడ వేరుపడ్డాయి. సంకల్పం చెప్పేది మొదటి రోజున. బంధుత్వం పెరిగేది రెండవ రోజున.

ఒకే క్షణం రెండు దేశాల్లో ఎంత వేరుగా ఉండగలదో అదే సంవత్సరపు ఉగాది ముందు రోజు చూపింది. 2024 ఏప్రిల్ 8న ఫాల్గుణ అమావాస్య ముగిసే వేళకు తెలుగునేల మీద రాత్రి 11.50 దాటింది, ఆకాశంలో చూడవలసినది ఏదీ లేదు. డల్లాస్‌లో అది మధ్యాహ్నం 1.20. మరో ఇరవై నిమిషాలకు అక్కడ సంపూర్ణ సూర్యగ్రహణం పట్టింది. కనిపించని గ్రహణానికి నియమం లేదన్న సంప్రదాయం ప్రకారం హైదరాబాదు కుటుంబానికి ఆ రోజు సాధారణ దినం. డల్లాస్‌లోని వారి పిల్లలకు మాత్రం పట్టువిడుపు స్నానాలు చేయవలసిన దినం.

స్థానిక గణితం చేయని పంచాంగాన్ని గుర్తించడానికి రాహుకాలం సులువైన పరీక్ష. పగటి నిడివిని ఎనిమిది భాగాలు చేస్తే సోమవారం రెండవ భాగం రాహుకాలం. ఆరు గంటల నుంచి ఆరు గంటల పగటికి అది 7.30 నుంచి 9 వరకు. పిట్స్‌బర్గ్‌లో డిసెంబరు చివర పగలు సుమారు తొమ్మిదింబావు గంటలే, సూర్యోదయం 7.40కి. అక్కడ సోమవారపు రాహుకాలం 8.50 నుంచి పదికి కొంచెం ముందు వరకు ఉంటుంది. ఏడాది పొడుగునా 7.30 అని చూపే పట్టిక ఆ ఊరి కోసం లెక్కించినది కాదు.

3. వ్యక్తి

సంకల్పంలోని మూడవ భాగం గోత్రం, నక్షత్రం, పేరు. పైన చెప్పిన గణితం ఇక్కడ ఒక మనిషి జీవితకాలానికి అంటుకొంటుంది. 2024 అక్టోబరు 31 రాత్రి ఎనిమిదికి పిట్స్‌బర్గ్‌లో ఒక శిశువు పుట్టిందనుకొందాం. తల్లిదండ్రులు భారతదేశపు పంచాంగంలో అదే తేదీ, అదే గంట చూస్తే చిత్త నక్షత్రం కనిపిస్తుంది. నిజానికి ఆ క్షణం భారత కాలమానంలో నవంబరు 1 ఉదయం 5.30. అప్పటికి చంద్రుడు స్వాతిలో ఉన్నాడు. చంద్రుడు ఒక నక్షత్రాన్ని దాటడానికి సుమారు ఒక రోజు పడుతుంది గనుక, తొమ్మిదిన్నర గంటల పొరపాటుకు ఇటువంటి తప్పు జరిగే అవకాశం మూడింట ఒక వంతుకు పైనే. ఆ శిశువు పేరిట ఆలయంలో జరిగే ప్రతి అర్చనలోనూ, రేపటి పెళ్లి పొంతనలోనూ ఆ తప్పు నక్షత్రమే పలుకుతుంది. దూరానున్న తాతగారు తేదీ మాత్రమే విని నక్షత్రం చెప్పినప్పుడు ఇది జరుగుతుంది. పుట్టిన ఊరూ గంటా రెండూ అడిగిన అర్చకుని దగ్గర జరగదు.

ఉపసంహారం

పై మూడు అంశాలనూ కలిపి చూస్తే ఒక తేడా స్పష్టమవుతుంది. కాలమూ నక్షత్రమూ గణితానికి లొంగుతాయి. స్థానికంగా లెక్కిస్తే సరైన సమాధానం ఒకటే దొరుకుతుంది. స్థలం అలా లొంగదు. క్రౌంచద్వీపం అన్నా, జంబూద్వీపం అన్నా ఏదో ఒకటి వదులుకోవలసి వస్తుంది. మొదటి తరానికి ఇది రెండు నేలల మధ్య ఎంపిక. అక్కడే పుట్టిన తరానికి శ్రీశైలపు దిక్కు విన్న మాట, ఒహాయో నది రోజూ చూసే నీరు. ఆ తరం అక్షతలు పట్టుకొని ‘స్వగృహే’ అని పలికేటప్పుడు ఆ మాటకు ముందు ఏ నది పేరు రావాలన్నది ఇంకా స్థిరపడని పాఠం. దానిని స్థిరపరచేది శాస్త్రగ్రంథం కాదు, వారి వాడుకే.