పక్క సీటు గొంతు

హాలంతా మాట్లాడుతున్నా నా పని సాగుతుంది. పక్క సీటాయన కాల్ మొదలుపెడితే మాత్రం ఆగిపోతుంది. శబ్దం ఎక్కువై కాదు, మాట స్పష్టంగా అర్థమవుతుంది కనుక. పైగా వినిపించేది సగమే. అవతలివాళ్లు ఏమన్నారోనని మన బుర్ర ఊహించుకుంటూ కూర్చుంటుంది. సంభాషణ రెండువైపులా వినడం కంటే ఒకవైపే వింటే ఏకాగ్రత ఎక్కువ చెడుతుందని 2010లో కార్నెల్ పరిశోధకులు చూపించారు.

ఆయన కావాలని అరవడం లేదు. రెండు చెవులూ మూసేసే హెడ్‌సెట్ పెట్టుకుంటే మన గొంతు మనకే సరిగా వినపడదు. తెలియకుండానే స్వరం పెరుగుతుంది. ఈ సంగతి తెలిశాక నా కోపం చాలావరకు తగ్గింది.

అందుకే మేనేజరుకు చెప్పలేదు, గ్రూపులో పెట్టలేదు. కాల్ మధ్యలో విసుగ్గా చూడనూ లేదు. టీకి వెళ్లినప్పుడు అడిగాను: "అన్నా, హెడ్‌సెట్‌లో మీ గొంతు మీకు వినపడుతున్నట్టు లేదు. క్లయింటు విషయాలన్నీ నాకు తెలిసిపోతున్నాయి. ఒక చెవి వదిలి చూస్తారా? పెద్ద కాల్స్ చిన్న రూములో పెట్టుకుంటే నాకు చాలా మేలు."

"అంత గట్టిగానా!" అని ఆశ్చర్యపోయారు. సీటుకొచ్చాక, మన గొంతును మన చెవికి వినిపించే సైడ్‌టోన్ సెట్టింగ్ ఆన్ చేసుకున్నారు. స్వరం తగ్గింది. రూములు ఖాళీ లేని రోజున పెద్ద కాల్ వస్తే నాకు ముందే చెబుతారు, నేను క్యాంటీన్ పక్క టేబుల్‌కి మారతాను.