స్టోర్ రూమ్ ఎక్కడిది?

పసుపుకుంకుమల కింద నాన్న ఇచ్చిన అరెకరం అమ్మాక, ఆ డబ్బుతో రాజమండ్రిలోనే ఒక ఫ్లాటు కొందామనుకున్నాం. లాలాచెరువు వైపు కడుతున్న ఐదంతస్తుల భవనంలో మూడో అంతస్తు. గోడలు లేచాయి, లోపల ప్లాస్టరింగ్ కూడా అయిపోయింది. యాభై వేలు టోకెన్ ఇచ్చి వచ్చాం.

నాకు అన్నిటికంటే నచ్చింది వంటింటి పక్కన చిన్న స్టోర్ రూమ్. ఆవకాయ జాడీలు ఎక్కడ పెట్టాలో, బియ్యం డబ్బా ఎక్కడ పెట్టాలో ఆ రోజే మనసులో సర్దేసుకున్నాను.

అగ్రిమెంటు రాసుకునే ముందు మా అన్నయ్య ఒక మాటన్నాడు. "బ్రోచర్లో బొమ్మ కాదమ్మా, కార్పొరేషన్ వాళ్ళు ముద్ర వేసిన ప్లాను అడుగు. దాన్ని పట్టుకుని టేపుతో కొలు." ఎనిమిది ఫ్లాట్లు దాటిన భవనమైతే రెరాలో రిజిస్టర్ చెయ్యాలి. ఆమోదం పొందిన ప్లాను, స్పెసిఫికేషన్లు చూపించమని అడిగే హక్కు కొనేవాళ్ళకి ఆ చట్టమే ఇచ్చింది. బిల్డర్ ఆఫీసులో రెండుసార్లు "రేపండీ" అన్నారు, మూడోసారి జిరాక్స్ ఇచ్చారు.

నేను చదివిన బీయే తెలుగులో గురులఘువులు లెక్కపెట్టడం నేర్పారు గానీ ప్లాను చదవడం నేర్పలేదు. అయినా పెద్ద కష్టమేమీ కాదు. కొలతలన్నీ మీటర్లలో ఉంటాయి కాబట్టి మీటర్లున్న టేపు తీసుకెళ్ళాలి. మా వారు ఒక కొస పట్టుకున్నారు, నేను రెండో కొస. ప్రతి గదినీ ఒక్కచోట కాకుండా రెండు చివరలా కొలిచాం, గోడ వంకరగా ఉంటే అప్పుడే తెలుస్తుంది. ప్లానులో 3.35 మీటర్లున్న బెడ్‌రూమ్ 3.32 వచ్చింది. కంగారు పడ్డాను గానీ అది మోసం కాదు. ప్లానులో కొలత ఇటుక గోడ నుంచి ఇటుక గోడకి వేస్తారు. రెండు వైపులా ప్లాస్టరింగ్ మందం కలిసి రెండు మూడు సెంటీమీటర్లు తినేస్తుంది. అరచెయ్యంత తగ్గితే మాత్రం అడగాల్సిందే.

హాలు సరిపోయింది, వంటిల్లు సరిపోయింది. తర్వాత స్టోర్ రూమ్ కొలుద్దామని ప్లానులో వెతికాను. లేదు. వంటింటికీ బాత్‌రూమ్‌కీ మధ్య, 1.2 మీటర్ల వెడల్పు, 1.8 మీటర్ల పొడవుతో ఒక డబ్బా గీసి, అందులో మూల నుంచి మూలకి ఇంటూ కొట్టి ఉంది. పక్కన ఓ.టీ.ఎస్. అన్న అక్షరాలు. అంటే పైన ఆకాశం కనపడాల్సిన జాగా. దాన్నే డక్ట్ అంటారు. బాత్‌రూమ్ గాలి పోవడానికీ, డ్రైనేజీ గొట్టాలు దిగడానికీ వదిలేది.

ఆ గదిలోకి వెళ్ళి తలెత్తి చూశాను. ఆకాశం లేదు, స్లాబు ఉంది. కుడిచేతి గోడకి పైన బాత్‌రూమ్ వెంటిలేటర్! సరిగ్గా నేను జాడీలు పెడదామనుకున్న అరకి ఎదురుగా. మూలన నిలువుగా పెద్ద డ్రైనేజీ గొట్టం. అది కారితే బాగుచెయ్యడానికి నా బియ్యం డబ్బా పక్కకి జరపాలి. వర్షాకాలంలో మన గోదావరి గాలికి మామూలు గోడలే చెమ్మగిల్లుతాయి, ఇక గాలాడని బాత్‌రూమ్ సంగతి చెప్పాలా? పైగా మా అంతస్తులో మూసేస్తే కింది రెండంతస్తుల బాత్‌రూమ్ గాలికీ పైకి దారి లేదు.

బిల్డర్ని అడిగితే, "జాగా ఎక్కువొచ్చిందని సంతోషించాలి గానీ అమ్మా!" అన్నారు. ఊరికే రాలేదు. ఆ డక్ట్ 23 చదరపు అడుగులు. అడుగు 4,500 లెక్కన లక్ష పైచిలుకు మా బిల్లులో కలిపారు. రెరా చెప్పే కార్పెట్ ఏరియాలో డక్టులు లెక్కలోకి రావు. పైగా ప్లాను దాటి కడితే, కట్టుబడి పూర్తయ్యాక కార్పొరేషన్ ఇచ్చే ఆక్యుపెన్సీ సర్టిఫికెట్‌కి చిక్కొస్తుంది. అప్పటికి అందులో కాపురముండేది మనమే.

"స్లాబు తీసేసి ప్లానులో ఉన్నట్టు చేస్తే తీసుకుంటాం," అన్నారు మా వారు. "అన్ని అంతస్తుల్లోనూ వేసేశామండీ, ఇప్పుడు కుదరదు," అన్నారు ఆయన. రిజిస్టరు చేసిన అగ్రిమెంటు లేకుండా ధరలో పదో వంతుకి మించి తీసుకోకూడదని చట్టంలో ఉంది. మేము ఇచ్చింది టోకెనే కాబట్టి బతికిపోయాం. దాని కోసమూ నాలుగుసార్లు తిరిగితే గానీ చేతికి రాలేదు.

ఇంకా అద్దింట్లోనే ఉన్నాం. మొన్న ఇంకో ఫ్లాటు చూడ్డానికి వెళ్ళాం. సేల్సమ్మాయి మాడ్యులర్ కిచెన్ గురించి చెబుతుంటే, నేను బాత్‌రూమ్ వెంటిలేటర్లోంచి తల పెట్టి పైకి చూశాను. చిన్న నీలం ముక్క కనపడింది. అప్పుడు టేపు తీశాం.